చింతూరు లోడుకు ఒక బిల్లు: ఈఆర్పీ మొత్తం ఒకటే కొనాలా, ముక్కలుగా కట్టుకోవాలా?

ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ వైపు ఓ మాదిరి కంపెనీల్లో ఐటీ చూసేవాళ్లు ఇప్పుడు ఒకే రకమైన మీటింగుల్లో కూర్చుంటున్నారు. ట్యాలీతో, ఎక్సెల్‌తో ఇన్నాళ్లూ నెట్టుకొచ్చిన వ్యాపారం పెద్దదైంది. డిపోలు పెరిగాయి, లెక్కలు చేతికి దొరకడం లేదు. ఒక వెండర్ వచ్చి, కొనుగోళ్ల నుంచి జీతాల దాకా అన్నీ ఒకే ఈఆర్పీలో పెట్టేయండి అంటాడు. మరుసటి వారం ఇంకొకరు వచ్చి, ఆ కాలం పోయింది, ఏ పనికి ఆ పనికి మంచి సాఫ్ట్‌వేర్ తీసుకుని ఏపీఐలతో కలుపుకోండి, నచ్చనిది తీసేసి ఇంకొకటి పెట్టుకోవచ్చు అంటాడు. మొదటిదాన్ని మోనోలిత్ సూట్ అని, రెండోదాన్ని కంపోజబుల్ లేదా ఏపీఐ-ఫస్ట్ ఆర్కిటెక్చర్ అని అంటున్నారు. ఇద్దరూ వెళ్లిపోయాక యజమాని మీ మొహం చూస్తాడు.

నా జవాబు ముందే చెబుతాను. ఏ సమాచారానికి ఏ సాఫ్ట్‌వేర్ బాధ్యత వహిస్తుంది, మధ్యలో లైన్ తెగితే ఏమవుతుంది అనే రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకున్నాకే వెండర్ల మాట వినాలి. అలా రాసుకుంటే, మన దగ్గరి ఓ మాదిరి కంపెనీకి స్టాకు, బిల్లు, ఖాతా పుస్తకం ఒకే సూట్‌లో ఉండటమే మేలని, అంచుల్లో ఉండే పనులను మాత్రమే విడిగా పెట్టుకోవాలని తేలుతుంది. ఎందుకో ఒక్క బిల్లు పట్టుకుని చూద్దాం.

పీవీసీ పైపులు, వ్యవసాయ మోటార్లు, కేబుల్ అమ్మే పంపిణీ సంస్థ ఒకటి ఉందనుకోండి. పెద్ద గోదాము ఖమ్మంలో ఉంది, డిపోలు కొత్తగూడెంలో, భద్రాచలంలో ఉన్నాయి. ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటింది. ఐటీ విభాగం అంటే ఇద్దరే మనుషులు. భద్రాచలం డిపో నుంచి చింతూరులో ఉన్న డీలర్‌కు ఒక లోడు పైపులు వెళ్లాలి.

సూట్‌లో అయితే డిపో క్లర్కు బిల్లు సేవ్ చేయగానే ఒకే డేటాబేస్‌లో మూడు పనులు కలిసి జరుగుతాయి. స్టాకు తగ్గుతుంది, డీలర్ ఖాతాలో బాకీ పడుతుంది, మనం కట్టాల్సిన పన్ను పన్ను ఖాతాలో చేరుతుంది. మూడింటిలో ఏ ఒక్కటి ఆగినా మూడూ వెనక్కి పోతాయి. దీన్నే డేటాబేస్ వాళ్లు కమిట్, రోల్‌బ్యాక్ అంటారు. సగం జరిగిన బిల్లు అనేదే ఉండదు. ఈ సౌకర్యం ఉన్నంతకాలం దాని విలువ ఎవరికీ కనిపించదు.

ముక్కలుగా కట్టుకున్నప్పుడు బిల్లింగ్ యాప్‌కు ఒక డేటాబేస్, గోదాము సాఫ్ట్‌వేర్‌కు ఒకటి, అకౌంట్స్‌కు ఒకటి ఉంటాయి. బిల్లు సేవ్ అయ్యాక ఒకదాని నుంచి ఇంకొకదానికి సందేశాలు వెళ్తాయి. బిల్లు పడి స్టాకు తగ్గని క్షణం, స్టాకు తగ్గి ఖాతాలో బాకీ పడని క్షణం ఇక్కడ సహజం. ఇది ఆ సాఫ్ట్‌వేర్ల లోపం కాదు, ఆ నిర్మాణమే అంత. కాకపోతే ఆ ఖాళీని కాపలా కాసే పని సూట్‌లో వెండర్ చేసి పెట్టాడు, ఇక్కడ మీరు చేయాలి. కంపోజబుల్ కొన్నప్పుడు లైసెన్సు ఖర్చు తగ్గవచ్చు, ఈ కాపలా ఖర్చు మాత్రం మీ జీతాల పద్దులోకి వచ్చి చేరుతుంది. కొటేషన్లో అది కనపడదు.

అయితే ఇంకో సంగతి గమనించాలి. పూర్తిగా ఒకే సూట్ అనేది మన దేశంలో ఇప్పుడు ఎవరికీ మిగల్లేదు. 2018 ఏప్రిల్ 1న అంతర్రాష్ట్ర రవాణాకు ఈ-వే బిల్లు వచ్చింది. 2020 అక్టోబర్ 1న 500 కోట్లు దాటిన కంపెనీలకు ఈ-ఇన్‌వాయిస్ వచ్చింది. ఆ హద్దు మెట్టు మెట్టుగా దిగి 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లకు చేరింది. అంటే మన పైపుల కంపెనీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న డీలర్‌కు రాసే ప్రతి బిల్లూ ప్రభుత్వ ఇన్‌వాయిస్ రిజిస్ట్రేషన్ పోర్టల్‌కు వెళ్లి, 64 అక్షరాల ఐఆర్ఎన్ తెచ్చుకోవాలి. ఐఆర్ఎన్ లేని బిల్లు చట్టం దృష్టిలో బిల్లే కాదు. ఇది అక్షరాలా ఏపీఐ పని. మీ బిల్లు పూర్తి కావడానికి మీ చేతిలో లేని ఒక సర్వర్ జవాబివ్వాలి. కాబట్టి మీకు కంపోజబుల్ వద్దనుకున్నా ఒక ముక్క ఇప్పటికే బయట ఉంది. ఆ ముక్కతో ఎలా మెలగాలో నేర్చుకుంటే మిగతా ముక్కల సంగతి అర్థమవుతుంది.

భద్రాచలం డిపోలో సాయంత్రం లారీ సిద్ధంగా ఉంది. క్లర్కు బిల్లు నంబర్ 417 సేవ్ చేశాడు. రిక్వెస్ట్ పోర్టల్‌కు చేరింది, అక్కడ ఐఆర్ఎన్ పుట్టింది. జవాబు వెనక్కి వచ్చేలోపు ఇక్కడ నెట్ పోయింది. తెర మీద బిల్లు ఫెయిల్ అని కనిపించింది. నెట్ వచ్చాక మళ్లీ నొక్కితే పోర్టల్ ఇలా జవాబిస్తుంది:

```json
{
  "Status": 0,
  "ErrorDetails": [
    { "ErrorCode": "2150", "ErrorMessage": "Duplicate IRN" }
  ],
  "InfoDtls": [
    { "InfCd": "DUPIRN",
      "Desc": { "AckNo": "...", "AckDt": "...", "Irn": "..." } }
  ]
}
```

పైకి ఇది ఎర్రర్. జాగ్రత్తగా చదివితే శుభవార్త. ఈ బిల్లు ఇంతకుముందే నమోదైంది, దాని ఐఆర్ఎన్ ఇదిగో అని పోర్టల్ చెబుతోంది. ఐఆర్ఎన్‌ను అమ్మేవాడి జీఎస్టీ నంబర్, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, డాక్యుమెంట్ నంబర్ కలిపి లెక్కగడతారు. అందుకే ఒకే బిల్లును పదిసార్లు పంపినా రెండో ఐఆర్ఎన్ పుట్టదు. మంచి ఏపీఐకి ఉండాల్సిన మొదటి గుణం ఇదే. ఇంజినీర్లు దీన్ని ఐడెంపొటెన్సీ అంటారు.

సరిగా రాసిన కనెక్టర్ 2150 చూడగానే `InfoDtls` లోంచి ఐఆర్ఎన్ తీసుకుని బిల్లు మీద ముద్రించి ముందుకు పోతుంది. సరిగా రాయని కనెక్టర్ ఎర్రర్ అని మాత్రమే చూపిస్తుంది. లారీ డ్రైవర్ తొందర పెడుతుంటే క్లర్కు ఏం చేస్తాడు? అదే సరుకుకు 418 నంబరుతో కొత్త బిల్లు కొడతాడు. అది వెంటనే పాసవుతుంది. ఒక లారీకి రెండు బిల్లులు, రెండు ఐఆర్ఎన్‌లు. 24 గంటల్లోపు తెలిస్తే పోర్టల్‌లో మొదటిదాన్ని రద్దు చేయవచ్చు. ఆ గడువు దాటితే క్రెడిట్ నోటు రాయాల్సిందే. ఈలోపు రెండూ మీ జీఎస్టీఆర్-1 లోకి వాటంతట అవే వెళ్లిపోతాయి. చింతూరు డీలర్ తన జీఎస్టీఆర్-2బీ చూసుకుని, "ఏమండీ, ఒక్క లోడుకు రెండు బిల్లులు కనపడుతున్నాయేంటి?" అని ఫోన్ చేస్తాడు. స్టాకు మాత్రం నెలాఖరు లెక్కింపులో గానీ తేలదు. పుస్తకంలో ఒక లోడు తక్కువ, గోదాములో ఒక లోడు ఎక్కువ.

ఇంత తంటా వచ్చింది ఒకే ఒక్క బయటి ముక్కతో. ఇప్పుడు బిల్లింగ్, గోదాము, అకౌంట్స్, డీలర్ ఆర్డర్ యాప్, లారీ ట్రాకింగ్ అన్నీ విడివిడి వెండర్ల దగ్గర ఉన్నాయనుకోండి. ప్రతి రెండింటి మధ్యా ఇదే ప్రశ్న నిలబడుతుంది: జవాబు రాకుండా పోయిన సందేశాన్ని మళ్లీ పంపితే రెండుసార్లు లెక్కపడుతుందా, లేదా? ప్రభుత్వ పోర్టల్ ఆ బాధ్యత తనమీద వేసుకుంది. చిన్న వెండర్ల ఏపీఐలు చాలావరకు వేసుకోవు. కొనేముందు అడగాల్సిన మొదటి సాంకేతిక ప్రశ్న ఇదే. ప్రతి రిక్వెస్ట్‌తో పాటు మనం ఇచ్చే ఒక ప్రత్యేక సంఖ్యను వాళ్లు గుర్తుపెట్టుకుని, రెండోసారి అదే సంఖ్య వస్తే పాత జవాబే తిరిగి ఇస్తారా? డాక్యుమెంటేషన్లో ఆ మాట లేకపోతే లేనట్టే లెక్క.

ఇక రెండో సంగతి, అసలు మన సరిహద్దుకే ప్రత్యేకమైనది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు అటు వెళ్లాయి. పట్టణం దాటి కాస్త దూరం పోతే ఎటపాక, అది ఆంధ్ర. పోస్టాఫీసు పిన్ కోడ్ మాత్రం పాత ఖమ్మం జిల్లా వరసలోనే ఉండిపోయింది. చింతూరు పిన్ 507126. ఖమ్మం పిన్ కూడా 507తోనే మొదలవుతుంది. జీఎస్టీలో తెలంగాణ రాష్ట్ర కోడ్ 36, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37. పిన్‌లో మొదటి మూడు అంకెలు చూసి రాష్ట్రం నిర్ణయించే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇక్కడ బోల్తా పడుతుంది. చింతూరు డీలర్‌కు ఐజీఎస్టీ వేయాల్సిన చోట సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేస్తుంది.

సూట్‌లో ఈ తప్పు ఉంటే ఒక్కచోట ఉంటుంది. పన్ను నిర్ణయించే నియమం ఒక్కటే కాబట్టి సరిచేస్తే అంతటా సరవుతుంది. ముక్కల్లో పరిస్థితి వేరు. డీలర్ ఆర్డర్ యాప్ తన అంచనా ధర చూపించడానికి రాష్ట్రాన్ని పిన్ నుంచి తీసుకుంటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డీలర్ జీఎస్టీ నంబర్‌లోని మొదటి రెండు అంకెల నుంచి తీసుకుంటుంది. రవాణా యాప్ డ్రైవర్‌కు ఇచ్చిన చిరునామా నుంచి తీసుకుంటుంది. ఎవరికి వాళ్లు చూస్తే తమ పని సరిగానే చేస్తున్నారు. ఒకే లోడు మీద మూడు జవాబులు వచ్చినప్పుడు, ఏది నిజమో చెప్పే అధికారం దేనికీ లేదు. ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ పిన్‌కూ రాష్ట్ర కోడ్‌కూ పొంతన చూస్తుంది కాబట్టి కొన్ని బిల్లులు అక్కడ ఆగుతాయి. పిన్నూ రాష్ట్రమూ ఒకే రకంగా తప్పుపడ్డ బిల్లు ఆ పొంతనలో దొరకదు.

సరుకు భద్రాచలం డీలర్ పేరున బిల్లయి, అతను చెప్పిన ఇంకొకరికి చింతూరులో దిగితే పన్ను లెక్క ఇంకోలా ఉంటుంది. అప్పుడు సరఫరా స్థలం బిల్లు ఎవరి పేరున ఉందో వాళ్లదవుతుంది. ఇలాంటివి మీ ఆడిటర్ తేల్చాలి. తేల్చిన నియమాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాలన్నది మీరు తేల్చాలి. ఒక్కచోటే పెట్టాలి. మిగతా ముక్కలన్నీ దాన్ని అడిగి తెలుసుకోవాలే తప్ప సొంతంగా లెక్కగట్టకూడదు. ఏపీఐ-ఫస్ట్ అన్న మాటకు నాకు తెలిసిన అత్యంత ఉపయోగకరమైన అర్థం ఇదే. సమాచారాన్ని నకలు తీసుకుని దాచుకోవడం మానేసి, దాని యజమానిని అడగడం. వెండర్లు చూపించే బొమ్మల్లో గీతలు మాత్రం ఉంటాయి, ఏ పెట్టె దేనికి యజమానో రాసి ఉండదు.

మరి అడగాలంటే లైన్ ఉండాలి కదా. ఇక్కడే అడవి అంచున పనిచేసేవాళ్లకు, హైదరాబాద్‌లో కూర్చుని బొమ్మ గీసేవాళ్లకు తేడా వస్తుంది. చిన్న లెక్క చూడండి. ఒక బిల్లు పూర్తవడానికి నాలుగు సర్వీసులు ఒకదాని తర్వాత ఒకటి జవాబివ్వాలనుకుందాం. ఒక్కోటీ 99.5 శాతం సమయం పనిచేస్తుంది. ఒక్కదాన్ని విడిగా చూస్తే నెలకు 3.6 గంటల అంతరాయం. నాలుగింటినీ గుణిస్తే మిగిలేది 98 శాతం, అంటే నెలకు 14 గంటలకు పైగా బిల్లు కొట్టలేని సమయం. ఏ వెండర్‌ను అడిగినా మాది 99.5 అనే చెబుతాడు, అతను చెప్పేది నిజమే. మీ డిపోకు దక్కేది 98. దీనికి భద్రాచలం నెట్ కష్టాలు ఇంకా కలపలేదు.

దీనికి ఇంజినీరింగ్‌లో మందు ఉంది, దాన్ని అవుట్‌బాక్స్ అంటారు. డిపో కంప్యూటర్ బిల్లు రాసేటప్పుడే పంపాల్సిన సందేశాన్ని కూడా అదే డేటాబేస్‌లో, అదే కమిట్‌లో ఒక వరసలో రాసుకుంటుంది. వేరే చిన్న ప్రోగ్రామ్ ఆ వరసలోంచి ఒక్కొక్కటి పంపుతూ, అందినట్టు రసీదు వచ్చేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. నెట్ లేకపోతే వరస పెరుగుతుంది, వచ్చాక ఖాళీ అవుతుంది. సందేశం పోదు. మళ్లీ మళ్లీ పంపడం వల్ల రెండుసార్లు పడకుండా కాపాడేది ఇందాక చెప్పిన ఐడెంపొటెన్సీ. రెండూ జతగా ఉంటేనే పనిచేస్తాయి. ప్రతి డిపోకు బిల్లు నంబర్ల వరస కూడా వేరుగా ఉండాలి. జీఎస్టీలో బిల్లు నంబర్ 16 అక్షరాలు దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. నంబర్ కోసం ఖమ్మం సర్వర్‌ను అడిగే డిపో, లైన్ పోయిన మరుక్షణం కౌంటర్ మూసుకోవాల్సిందే. ముందే `BCM/25-26/00417` లాంటి సొంత వరస ఇస్తే ఆ ఇబ్బంది ఉండదు.

కానీ ఈ మందుకూ ఒక హద్దుంది, వెండర్లు దాన్ని చెప్పరు. రైతు కౌంటర్‌కు వచ్చి నాలుగు పైపులు కొంటే, అతనికి జీఎస్టీ నంబర్ లేదు కాబట్టి ఐఆర్ఎన్ అవసరం లేదు. ఆ బిల్లు లైన్ లేకుండా కూడా రాయవచ్చు. చింతూరు డీలర్ బిల్లుకు ఐఆర్ఎన్ కావాలి, 50,000 దాటిన సరుకు కాబట్టి ఈ-వే బిల్లు కావాలి. లైన్ లేకపోతే ఆర్డర్ తీసుకోవచ్చు, స్టాకు పక్కన పెట్టవచ్చు, లారీకి ఎత్తించవచ్చు. బండి మాత్రం కదలకూడదు. ఎంత గొప్ప ఆర్కిటెక్చర్ అయినా ఇక్కడ చేసేదేమీ లేదు. డిపోలో వేరే కంపెనీ నెట్ ఇంకొకటి పెట్టించడమే దారి. అవుట్‌బాక్స్‌కు పెట్టే ఖర్చుకు ముందు ఆ రెండో లైన్ ఖర్చు పెట్టండి.

గోదావరి వచ్చినప్పుడు ఈ సమస్య ఇంకో రూపం తీసుకుంటుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, శబరి ఎదురుతన్ని చింతూరు వైపు ఊళ్లు మునిగాయి. అలాంటి రోజున దారిలో చిక్కుకున్న లారీ చేతిలో ఈ-వే బిల్లు ఉంటుంది. 200 కిలోమీటర్ల లోపు దూరానికి దాని గడువు ఒక్క రోజు, అంటే మర్నాడు అర్ధరాత్రి దాకా. గడువు పొడిగించుకోవాలంటే అది ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపు మాత్రమే పోర్టల్ ఒప్పుకుంటుంది. ఇప్పుడు ఆర్కిటెక్చర్ ప్రశ్న: ఆ గడువు ఎవరికి తెలుసు? ఈ-వే బిల్లు తీసింది జీఎస్టీ కనెక్టర్. లారీ ఆగిపోయిందని తెలిసింది ట్రాకింగ్ యాప్‌కు. డీలర్‌కు సరుకు ఆలస్యమని చెప్పాల్సింది ఆర్డర్ యాప్. ముగ్గురు వెండర్ల దగ్గర మూడు ముక్కల నిజం ఉంది. వాటిని కలిపి చూసి, బండి ఆగింది, గడువు రాత్రికి అయిపోతుంది అని మీ ఫోన్‌కు చెప్పే పని ఎవరి ఒప్పందంలోనూ రాసి లేదు. ముక్కల మధ్య పడిపోయే పనులు ఇలాగే ఉంటాయి. ఒక్కో ముక్కను విడిగా పరీక్షిస్తే దొరకవు.

ఇంత చెప్పాక సూటే దేవుడని అనుకోకండి. సూట్ చేసే చెరుపు నెమ్మదిగా, ఖరీదుగా ఉంటుంది. జర్మనీకి చెందిన లిడ్ల్ అనే పెద్ద సూపర్ మార్కెట్ సంస్థ ఏడేళ్ల పాటు శాప్ మీద కొత్త వ్యవస్థ కట్టి 2018లో ఆపేసింది. పత్రికల్లో వచ్చిన ఖర్చు సుమారు 50 కోట్ల యూరోలు. చిక్కుల్లో ముఖ్యమైనదిగా చెప్పుకున్నది ఒక్క అలవాటు. లిడ్ల్ తన స్టాకు విలువను కొన్న ధరలో లెక్కగట్టేది, ఆ సాఫ్ట్‌వేర్ ప్రామాణిక పద్ధతి అమ్మకం ధరలో కట్టేది. కంపెనీ తన పద్ధతి మార్చుకోలేదు, సాఫ్ట్‌వేర్‌ను మార్చబోయింది. మన దగ్గర అదే రోగం చిన్న సైజులో ఉంటుంది. డీలర్‌కు ఇచ్చే సీజన్ రాయితీ మాది ప్రత్యేకం అంటూ సూట్ లోపలి కోడ్‌ను మార్పిస్తారు. తర్వాత వెండర్ కొత్త వెర్షన్ తెస్తే దానికి మారలేరు. పాత శాప్ ఈసీసీ వాడుతున్న కంపెనీలు చాలావాటికి ఇప్పుడు ఈ కష్టమే వచ్చింది. దాని సాధారణ మెయింటెనెన్స్ 2027 చివరితో ముగుస్తుంది, అదనంగా డబ్బు కడితే 2030 దాకా ఉంటుంది. లోపల ఎంత ఎక్కువ మార్చుకున్నారో బయటకు రావడం అంత కష్టం.

కాబట్టి విడిగా పెట్టాల్సింది ఏది అన్న ప్రశ్నకు నా కొలత ఇది. మీ వ్యాపారంలో తరచుగా మారేది, మీకే ప్రత్యేకమైనది, ఒక గంట ఆలస్యమైనా లెక్క తప్పనిది బయట ఉండవచ్చు. డీలర్ ఆర్డర్ యాప్, లారీ ట్రాకింగ్, సీజన్ రాయితీ లెక్క అలాంటివి. రాయితీ లెక్కను బయట పెట్టి, తేలిన మొత్తాన్ని మాత్రం ఏపీఐ ద్వారా సూట్‌లోకి పంపితే సూట్ కోడ్ ముట్టుకోవాల్సిన పని ఉండదు. స్టాకు, బిల్లు, పన్ను, ఖాతా మాత్రం ఒకే కమిట్ కింద ఉండాలి. దీనికి చట్టం వైపు నుంచి కూడా ఒక కారణం ఉంది. మీది కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థ అయితే, 2023 ఏప్రిల్ 1 నుంచి ఖాతా పుస్తకాలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ ఆడిట్ ట్రయల్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. ఖాతా పుస్తకం మూడు సాఫ్ట్‌వేర్లలో చీలి ఉంటే మూడింటిలోనూ అది ఉందని మీరు ఆడిటర్‌కు చూపించాలి.

ఈ నిర్ణయాన్ని మేనేజ్‌మెంట్ ముందు పెట్టేటప్పుడు బాక్సులూ బాణాలూ గీసిన బొమ్మ వద్దు. ఒక పేజీ పట్టిక చాలు. ఎడమ వైపు డీలర్ చిరునామా, డీలర్ రాష్ట్రం, ధర, రాయితీ, స్టాకు, బాకీ, ఈ-వే గడువు అని సమాచారం పేర్లు రాయండి. ఒక్కోదాని పక్కన దాని యజమాని సాఫ్ట్‌వేర్ ఏది, దాన్ని వాడుకునేవి ఏవి, ఎంత ఆలస్యం ఓర్చుకోవచ్చు, లైన్ తెగితే డిపో ఏం చేస్తుంది అన్నవి రాయండి. ఒక వరుసలో ఇద్దరు యజమానులు కనపడితే అక్కడ ముందుముందు గొడవ ఉంది. చివరి గడిలో ఏం రాయాలో తోచకపోతే ఆ పనిని విడి ముక్కగా కొనే స్థితిలో మీరు లేరు. ఇద్దరు మనుషుల ఐటీ విభాగం రెండు మూడు విడి ముక్కలకు మించి చూసుకోలేదని నా అభిప్రాయం. కొత్తగూడెం సింగరేణికో, సారపాక పేపర్ మిల్లుకో ఉండే బలగం వేరు, వాళ్లను చూసి మనం కొలత పెట్టుకోకూడదు.

వ్యవస్థ నడుస్తున్నాక ఏది చూడాలన్నది కూడా మారుతుంది. సర్వర్ ఆన్‌లో ఉందా అని చూస్తే ఏమీ తెలియదు. అవుట్‌బాక్స్‌లో అన్నిటికన్నా పాత సందేశం వయసు ఎంత అన్నది చూడాలి. అది పది నిమిషాలైతే నెట్ సంగతి, ఆరు గంటలైతే ఏదో ఒక సందేశం దగ్గర వరస ఇరుక్కుంది. ఇక రాత్రి ఒకసారి డిపోల వారీగా మూడు సంఖ్యలు పక్కపక్కన పెట్టాలి. డిపో కొట్టిన డీలర్ బిల్లులు ఎన్ని, అకౌంట్స్‌లో పడ్డవి ఎన్ని, ఐఆర్ఎన్ వచ్చినవి ఎన్ని. సంఖ్యతో పాటు మొత్తం రూపాయలూ సరిపోవాలి. 417, 418 లాంటి జంట బిల్లు ఈ పోలికలో ఎప్పుడూ దొరకదు, మూడు చోట్లా రెండే ఉంటాయి కాబట్టి. దానికి వేరే పోలిక కావాలి. ఒకే రోజు ఒకే డీలర్‌కు, ఒకే మొత్తానికి రెండు బిల్లులుంటే జాబితా తీసి గేటు రిజిస్టర్‌తో సరిచూడాలి. ఈ పని ఉదయం పది గంటలకే చేస్తే, ముందురోజు సాయంత్రం కొట్టిన బిల్లు రద్దుకు 24 గంటల గడువులో ఇంకా కొంత మిగిలి ఉంటుంది.

ఉద్యోగం పరంగా దీని అర్థం ఏమిటంటే, సూట్ కాలంలో ఈఆర్పీ ఫంక్షనల్ కన్సల్టెంట్‌కు స్క్రీన్లు, సెట్టింగులు తెలిస్తే సరిపోయేది. ఇప్పుడు పైన చూపించిన జవాబు లాంటిది చదివి, ఇది వైఫల్యమా, ముందే అయిపోయిన పనా అని చెప్పగలగాలి. అకౌంట్స్ నుంచి వచ్చినవాళ్లకు ఇది కష్టమేమీ కాదు. బ్యాంక్ రీకన్సిలియేషన్ చేసిన చేయి ఈ రాత్రి పోలికలను ఇంజినీరు కన్నా బాగా చేస్తుంది. ఆ పని మీ చేతికి వస్తే వదులుకోకండి.

సంతకాలకు ముందు ఒప్పందంలో మూడు మాటలు రాయించుకోండి. మన సమాచారం మొత్తం, పాత బిల్లులూ మార్పుల చరిత్రతో సహా, అడిగినప్పుడు చదవగలిగే ఫైళ్లలో ఇవ్వాలి. ఏపీఐ వెర్షన్ మార్చేముందు ఎన్ని నెలల నోటీసు ఇస్తారో అంకెతో ఉండాలి. రోజుకు ఎన్ని ఏపీఐ రిక్వెస్టులు ధరలో కలిసి ఉన్నాయో, దాటితే ఎంతో ఉండాలి. ముక్కలు తీసి పెట్టుకోవచ్చన్న మాట ఈ మూడూ లేకపోతే ఉత్త మాటే.

చివరగా ఒక విన్నపం. వచ్చే డెమోను హైదరాబాద్ హోటల్ హాల్లో కాకుండా మీ భద్రాచలం డిపోలో పెట్టించండి. ఈ-ఇన్‌వాయిస్ ఏపీఐకి పరీక్షల కోసం శాండ్‌బాక్స్ ఉంది, వెండర్ దాన్ని వాడుకోవచ్చు. పిన్ 507126తో, 37తో మొదలయ్యే జీఎస్టీ నంబర్‌తో ఒక బిల్లు కొట్టమనండి. సేవ్ నొక్కిన వెంటనే నెట్ వైరు మీరే పీకండి. ఐదు నిమిషాల తర్వాత పెట్టి, అదే బిల్లును మళ్లీ పంపమనండి. ఒక్క బిల్లు, ఒక్క ఐఆర్ఎన్, ఒక్కసారే తగ్గిన స్టాకు, ఐజీఎస్టీ కనపడితే ధర మాట్లాడండి. కనపడకపోతే, అది సూటైనా ముక్కలైనా, కొనకండి.